వేలి మీద నెత్తురు కారే ఎర్ర బుడిపె: గీకించినా మళ్లీ ఎందుకొచ్చింది?

ప్రశ్న: నా వయసు 27. మొదటి కాన్పు, ఆరో నెల నడుస్తోంది. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. రెండు నెలల కిందట కుడిచేతి చూపుడు వేలికి గోరు పక్కన సూది గుచ్చుకుంది. అక్కడే ఎర్ర చుక్కలా మొదలై మూడు వారాల్లో బఠాణీ గింజంత అయింది. ఏదైనా తగిలితే చాలు, నెత్తురు ఆగదు. మా ఊరి డాక్టరు గారు చీము గడ్డ అనుకుని వారం రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గకపోతే గీకి తీసేసి, మందు అద్ది కట్టు కట్టారు. తీసిన ముక్క పారేశారు. ఇరవై రోజులకే అదే చోట మళ్లీ లేచింది. ఈమధ్య పైచిగురు మీద కూడా చిన్న ఎర్ర ముద్ద వచ్చింది, బ్రష్ చేస్తే రక్తం వస్తోంది. వెంట్రుకతో బిగించి కడితే రాలిపోతుందని మా అత్తగారు అంటున్నారు. మావారు క్యాన్సరేమోనని టెన్షన్ పడుతున్నారు. తీసేసినా ఎందుకొచ్చింది? మళ్లీ తీయించుకోవచ్చా, కాన్పయ్యే దాకా ఆగాలా? బిడ్డకేమైనా అవుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు చెప్పిన తీరును బట్టి ఇది పయోజెనిక్ గ్రాన్యులోమా అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఇది క్యాన్సర్ కాదు, అంటుకునేది కాదు, కడుపులో బిడ్డ దాకా వెళ్లేదీ కాదు. అయితే నేను మీ వేలు చూడలేదు. తీసిన ముక్కను ఎవరూ మైక్రోస్కోపు కింద చూడలేదు. అందుకని నా సలహా ఇది: కాన్పు దాకా ఆగకండి. ఈ నెలలోనే చర్మ వైద్యుల దగ్గర గానీ సర్జన్ దగ్గర గానీ దాన్ని అడుగు దాకా తీయించుకుని, ముక్కను ల్యాబుకు పంపించండి. ఎందుకంటున్నానో చెబుతాను.

ముందు ఆ బుడిపెలో ఏముందో తెలియాలి. చూడ్డానికి మాంసం ముద్దలా ఉంటుంది కాబట్టి మన దగ్గర దీన్ని దుర్మాంసం అంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం సన్నని రక్తనాళాలే. చర్మానికి దెబ్బ తగిలితే గాయం మానడానికి కొత్త రక్తనాళాలు పుట్టడం మామూలే. గాయం పూడగానే వాటి పెరుగుదల ఆగిపోవాలి. కొందరిలో అది ఆగదు. సన్న నాళాలు గుత్తులు గుత్తులుగా పుట్టుకొస్తూ చర్మాన్ని పైకి తోస్తాయి. రోజుల్లో కనబడి, కొన్ని వారాల్లో ఐదు నుంచి పది మిల్లీమీటర్ల దాకా పెరిగి, చాలామందిలో అక్కడితో ఆగుతుంది. పైనున్న చర్మం పొర పల్చబడి, ఒక్కోచోట ఊడిపోయి కూడా ఉంటుంది. దాని వెనకాలే నాళాలు ఉంటాయి కాబట్టి తువ్వాలు రాసుకున్నా, పిండి కలిపినా, బట్టకు తగిలినా నెత్తురు వస్తుంది. బుడిపె మొదలు చుట్టూ తెల్లటి పొట్టులాంటి చర్మం కాలరులా కనిపిస్తుంటే అది ఈ జబ్బుకు మంచి గుర్తు. నొప్పి పెద్దగా ఉండదు. మీ ఉత్తరంలో ఎక్కడా నొప్పి మాటే లేదు, అది నేను గమనించాను.

యాంటీబయాటిక్ పని చేయకపోవడంలో వింత లేదు. ఇందులో క్రిములు లేవు, చీము లేదు. 1897లో ఫ్రాన్స్‌లో పోన్సే, డోర్ అనే వైద్యులు దీన్ని మొదటిసారి వివరించినప్పుడు ఇది గుర్రాలకు వచ్చే ఒక ఇన్ఫెక్షన్ లాంటిదే అనుకున్నారు. పయోజెనిక్ అంటే చీము పుట్టించేది అని. ఆ పొరపాటు ఆధారంగా పెట్టిన పేరు నేటికీ వాడుకలో ఉంది. ఆ పేరు చూసి యాంటీబయాటిక్ రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. బుడిపె చుట్టూ వేడి, వాపు, సలుపు, నిజమైన చీము ఉంటే అది వేరే సంగతి. పైన పచ్చగా తడి పొర కనిపించినంత మాత్రాన చీము అనుకోనక్కర్లేదు.

ఇక మీ మొదటి ప్రశ్న. గీకినా ఎందుకొచ్చింది?

ఈ బుడిపెలో మనకు పైకి కనిపించేది కొంతే. సన్నటి పీక ద్వారా అది చర్మం లోపలి పొరలోకి దిగి ఉంటుంది. అక్కడ కాస్త పెద్ద రక్తనాళం ఒకటి దానికి నెత్తురు అందిస్తుంటుంది, దాని చుట్టూ ఇంకొన్ని నాళాల గుత్తులు ఉంటాయి. గీకేటప్పుడు డాక్టరు చేతిలో ఉండేది చిన్న చెంచా ఆకారంలో ఉండే క్యూరెట్. మెత్తటి ముద్ద దాని అంచుకు సులువుగా ఊడి వస్తుంది. ఊడి రాగానే నెత్తురు చిమ్ముతుంది. ఇక అడుగున ఏముందో కనబడదు. నెత్తురు ఆపాలనే తొందరలో మందు అద్ది కట్టు కట్టేస్తారు. గరికను దుబ్బు వదిలేసి పైన కోసినట్టు అవుతుంది. మిగిలిన గుత్తులకు నెత్తురు అందుతూనే ఉంటుంది. దానికి తోడు, గీకిన గాయం మానే క్రమంలో కొత్త నాళాలు పుట్టమని శరీరం మళ్లీ సంకేతాలు పంపుతుంది. బుడిపె పుట్టడానికి కారణమైన పనే మళ్లీ అదే చోట మొదలవుతుంది. అందుకే తిరిగి వచ్చేవి సాధారణంగా మొదటి రెండు నెలల్లోనే వస్తాయి. మీకు ఇరవై రోజులకు రావడం ఆ లెక్కలోదే.

గీకిన తర్వాత అడుగును కరెంటు కాటరీతో సరిగ్గా కాలిస్తే ఈ సమస్య చాలా తగ్గుతుంది. అయినా పూర్తిగా పోదు. కాటరీ చేసినా సుమారు పది మందిలో ఒకరిద్దరికి మళ్లీ వస్తుంటుంది. బుడిపెను దాని కింది చర్మంతో సహా కోసి తీసి కుట్లు వేస్తే తిరిగి రావడం వందలో మూడు నాలుగుకు పడిపోతుంది. కాటరీ లేకుండా ఉత్తినే గీకితే వచ్చే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ. మీ విషయంలో జరిగింది ఈ మూడోదేనని ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. ఆ డాక్టరు గారు కావాలని చెడు చేశారని కాదు. నెత్తురు కారే వేలిని కట్టు కట్టే గదిలో చూసినప్పుడు అంతకుమించి చేయడం కష్టమే.

రెండో కారణం మీ ఆరో నెల. గర్భంతో ఉన్నప్పుడు పెరిగే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ హార్మోన్లు రక్తనాళాలను పెంచే ప్రొటీన్లను ఎక్కువ చేస్తాయి. మామూలు రోజుల్లో అయితే సూది గుచ్చుకున్న చోట రెండ్రోజుల్లో మచ్చ కూడా మిగలదు. ఇప్పుడు అదే గాయం ఇలా ఉబికి వచ్చింది. గీకిన గాయానికీ అదే వర్తిస్తుంది. హార్మోన్లు ఇంకా మూడు నెలలు ఇలాగే ఉంటాయి కాబట్టి, ఎంత బాగా తీసినా ఇతరులతో పోలిస్తే మీకు తిరిగి వచ్చే అవకాశం కొంచెం ఎక్కువేనని ముందే తెలుసుకుని ఉండండి.

మూడోది, లోపల ఏదైనా మిగిలి ఉండటం. నా దగ్గరకు వచ్చిన ఒక రైతుకు బొటనవేలి మీద ఇలాంటి బుడిపెను వేర్వేరు ఆసుపత్రుల్లో గీకించినా ప్రతిసారీ అదే బిందువు దగ్గర లేచేది. తీసేటప్పుడు అడుగున గట్టిగా ఏదో తగిలితే పట్టుకారుతో లాగాను. తుమ్మ ముల్లు కొన వచ్చింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. మీకు గుచ్చుకున్నది సూది కాబట్టి కొన విరిగిందేమో గుర్తు చేసుకోండి. ఇనుప ముక్క అయితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. పొట్ట దగ్గర సీసపు ఆప్రాన్ కప్పుకుని వేలికి ఒక్క ఎక్స్‌రే తీయించుకోవడం వల్ల గర్భానికి ప్రమాదం లేదు. అనుమానం ఉంటేనే తీయిస్తారు. గోరు అంచు చర్మంలోకి గుచ్చుకుంటున్నా ఇదే పరిస్థితి. కాలి బొటనవేలికి తరచూ జరిగేది అదే. గోరు ముక్కను తీసేదాకా ఎర్ర కండ పెరుగుతూనే ఉంటుంది.

నాలుగో కారణం చెప్పేటప్పుడు మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఎర్రగా, తడిగా, నెత్తురు కారుతూ, వేగంగా పెరిగే ప్రతి బుడిపే పయోజెనిక్ గ్రాన్యులోమా కాదు. నల్లరంగు లేకుండా వచ్చే ఒకరకం మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కంటికి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. మన దేశంలో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు మాత్రం చేతులు, కాళ్లు, గోళ్ల చుట్టూ రావడం మన చర్మరంగు వాళ్లలో మామూలు. 27 ఏళ్ల మనిషికి, సూది గుచ్చుకున్న చోట, మూడు వారాల్లో పెరిగిన బుడిపె మెలనోమా కావడం చాలా తక్కువ మాట. బుడిపె అంచున గోధుమ లేదా నల్ల రంగు కనబడటం, గోటిలో కొత్తగా నల్ల చార రావడం, గోరు చీలిపోవడం లేదా పైకి లేవడం, మోచేతి దగ్గరో చంకలోనో గట్టి గడ్డ తగలడం, మనిషి వయసు యాభై దాటడం, ఇవి ఉంటే నేను ఎక్కువ అనుమానిస్తాను. మీ గోరు ఇప్పుడే ఒకసారి వెలుతురులో చూసుకోండి. కంటి చూపుతో ఎంత నమ్మకం కలిగినా, ఒకసారి తిరిగి వచ్చిన బుడిపెను పరీక్ష లేకుండా మళ్లీ కాల్చేయడానికి నేను ఒప్పుకోను. మొదటి ముక్క పారేసినందుకు మీ ఇంట్లో ఈ భయం మిగిలింది. రెండోది పారేస్తే ఆ భయం తీరే దారే ఉండదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలాచోట్ల బుడిపెను నేరుగా కాటరీతోనో లేజర్‌తోనో మాడ్చేస్తారు. పని త్వరగా అవుతుంది, నెత్తురు కారదు. కానీ మాడిన ముక్కలో కణాలు గుర్తుపట్టలేం, ఒక్కోసారి ముక్కే మిగలదు. అందుకని పని మొదలుపెట్టే ముందే అడగండి: "డాక్టర్ గారూ, కాల్చే ముందు ముక్క కోసి బయాప్సీకి పంపుతారా?" ముక్క ఫార్మలిన్ సీసాలో పడటం, దాని మీద మీ పేరు, ఏ చేతి ఏ వేలు అన్నది రాయడం కళ్లారా చూడండి. నీళ్లలోనో స్పిరిట్‌లోనో వేసి ఇస్తే ల్యాబు వాళ్లకు అది సరిగ్గా ఉపయోగపడదు. రిపోర్టు వచ్చినప్పుడు అందులో లోబ్యులర్ కేపిలరీ హీమాంజియోమా అని ఉంటే కంగారు పడకండి. మనం ఇప్పటిదాకా మాట్లాడుకుంటున్న దాని అసలు పేరు అదే.

సరిగ్గా తీయడమంటే ఎలా ఉంటుందో చెబుతాను. తెలిస్తే అక్కడ భయం తగ్గుతుంది, ఏది జరగలేదో కూడా మీకే అర్థమవుతుంది.

వేలి మొదట్లో రెండు పక్కలా లిగ్నోకెయిన్ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. అన్నిటికన్నా బాధ కలిగేది ఆ సూది ఒక్కటే. ఐదు పది నిమిషాల్లో వేలు మొద్దుబారుతుంది. తర్వాత వేలి మొదట్లో రబ్బరు బ్యాండో, గ్లవ్ ముక్కో బిగిస్తారు. ఈ చిన్న పనే ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. నెత్తురు ఆగితేనే అడుగు కనబడుతుంది, అడుగు కనబడితేనే మిగిలిన గుత్తులు దొరుకుతాయి. బుడిపెను పీక దగ్గర బ్లేడుతో సాపుగా కోసి సీసాలో వేస్తారు. ఆ గుంటను క్యూరెట్‌తో గీకుతారు. మెత్తగా, ఎర్రగా ఉండే కండంతా పోయి తెల్లగా, గట్టిగా ఉన్న చర్మం వచ్చేదాకా గీకాలి. అప్పుడు కాటరీ. మాడిన పొరను మళ్లీ గీకి ఇంకోసారి కాలుస్తారు. చివర్లో రబ్బరు తీసి, నెత్తురు ఊరుతోందా అని చూసి కట్టు కడతారు. రబ్బరు తీయడం మరిచిపోతే వేలికే ముప్పు. కాబట్టి కట్టు కట్టేటప్పుడు "రబ్బరు తీశారా" అని అడగడానికి మొహమాటపడకండి.

మరి తిరిగి రావడం అన్నిటికన్నా తక్కువగా ఉండే కుట్ల పద్ధతే ఇప్పుడు ఎందుకు చేయించుకోకూడదు? మీ బుడిపె గోరు పక్కన ఉంది, మీరు బట్టలు కుడతారు. వేలి కొసన చర్మం సాగదు. కోసి కుడితే మచ్చ పడుతుంది. ఆ మచ్చ సూది పట్టుకునే చోట పడితే కొన్ని నెలలు సలుపుతుంది. కోత గోటి మొదలు దాకా వెళ్తే గోరు వంకరగా పెరగవచ్చు. అందుకని మొదటిసారి సరిగ్గా జరగలేదు కాబట్టి, ఈసారి రబ్బరు బిగించి, అడుగు చూసి, కాటరీతో పూర్తిగా చేయిస్తే చాలు అని నా అభిప్రాయం. దీని తర్వాత కూడా వస్తే, అప్పుడు మచ్చ సంగతి పక్కన పెట్టి లోతుగా కోయించి రెండు మూడు కుట్లు వేయించుకోవాలి. బుడిపె సరిగ్గా ఎక్కడుందో చూశాక మీ డాక్టరు మొదటే కుట్లు మేలంటే వారి మాటే వినండి. నేను ఫోటో కూడా చూడలేదు.

గర్భంతో ఉండగా ఇది చేయించుకోవచ్చు. వేలికి వాడే కొద్దిపాటి లిగ్నోకెయిన్ వల్ల బిడ్డకు హాని ఉండదు. పంటి పని కోసం గర్భిణులకు వాడేదీ అదే. వేలి మీద చిన్న కాటరీ కూడా ఇబ్బంది లేదు. ఆరో నెల ఇలాంటి పనులకు అనువైన కాలం. వాంతులు తగ్గి ఉంటాయి, ఇంకా పొట్ట బరువు మరీ పెరగదు. బల్ల మీద పూర్తిగా వెల్లకిలా కాకుండా కాస్త ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. గర్భిణి అన్న సంగతి, ఏ మందులు వాడుతున్నారన్నది ముందే చెప్పండి. మీ గైనకాలజిస్టుకు కూడా ఒక మాట చెప్పి వెళ్లండి. కాన్పు తర్వాత తనంత తానే పోతుందని ఆగమనేవారు ఉంటారు. చిగురు మీద వచ్చేదాని విషయంలో ఆ మాట చాలావరకు నిజం. వేలి మీది దాని విషయంలో అంత నమ్మకంగా చెప్పలేం. ఒకవేళ మీ మొదటి ముక్కకు పరీక్ష జరిగి, మామూలుదే అని రిపోర్టు చేతిలో ఉండి, నెత్తురు కూడా అప్పుడప్పుడే వస్తుంటే, నేను కూడా ఆగమనే చెప్పేదాన్ని. ఆ రెండూ మీకు లేవు.

వెంట్రుక సంగతి. అత్తగారి మాట ఊరికే పుట్టింది కాదు. పీక సన్నగా ఉంటే బిగించి కట్టినప్పుడు పైముద్ద నల్లబడి రాలిపోవడం నిజమే. కానీ గీకినప్పుడు ఏం జరిగిందో దీనిలోనూ అదే జరుగుతుంది. చర్మం కింద ఉన్నది అలాగే ఉండిపోతుంది. సగం తెగి వేలాడితే నెత్తురు ధారగా పోతుంది, కుళ్లితే అప్పుడు నిజంగానే చీము పడుతుంది. పులిపిర్లకు పెట్టినట్టు సున్నం, సోడా పెట్టమంటే అస్సలు వద్దు. చుట్టూ ఉన్న మంచి చర్మం, గోరు కాలిపోతాయి, ల్యాబుకు పంపడానికి ఏమీ మిగలదు.

తీయించుకునే దాకా నెత్తురు వస్తే ఇలా చేయండి. చేతిని గుండె కన్నా పైకి ఎత్తి, శుభ్రమైన గుడ్డతో బుడిపె మీద గట్టిగా నొక్కి, గడియారం చూసుకుని పది పదిహేను నిమిషాలు పట్టుకోండి. మధ్యలో ఆగిందా అని తీసి చూడకండి. అందరూ చేసే పొరపాటు అదే. తీసిన ప్రతిసారీ గడ్డకట్టిన పొర ఊడి మళ్లీ మొదలవుతుంది. ఆగాక పెట్రోలియం జెల్లీ కాస్త మందంగా రాసి, పైన అతుక్కోని గాజు గుడ్డ పెట్టి, ప్లాస్టర్ వేయండి. కట్టు మార్చేటప్పుడు ఎండి అంటుకుని ఉంటే నీళ్లతో తడిపి తీయండి. కాఫీ పొడి, పసుపు అద్దకండి. రెండుసార్లు అలా నొక్కి పట్టినా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. వేలి బుడిపె వల్ల ఒంట్లో రక్తం బాగా తగ్గిపోవడం అరుదు. అయినా గర్భిణి కాబట్టి, నెలవారీ చెకప్‌లో హిమోగ్లోబిన్ ఎంతుందో అడగండి. రోజూ కారుతోందని అక్కడ చెప్పండి.

తీసిన తర్వాత రెండు రోజులు కట్టు తడవనివ్వకండి. ఆపైన రోజుకోసారి సబ్బు నీళ్లతో కడిగి, పెట్రోలియం జెల్లీ రాసి, చిన్న ప్లాస్టర్ వేస్తే రెండు మూడు వారాల్లో మానుతుంది. అప్పటిదాకా ఆ వేలితో సూది పట్టకండి, బట్ట నెట్టకండి. అరకొర మానిన చోట మళ్లీ రాపిడి తగిలితే కష్టమంతా వృథా అవుతుంది. ఆర్డర్లు ఉంటే కత్తిరింపు పనీ హెమ్మింగూ ఇంకెవరికైనా ఇచ్చేయండి. రెండు నెలల పాటు వారానికోసారి ఆ చోటును మంచి వెలుతురులో చూడండి. మానిన చర్మంలో మళ్లీ తడిగా మెరిసే ఎర్ర చుక్క కనిపిస్తే బఠాణీ గింజంత అయ్యే దాకా ఎదురు చూడకండి. గుండుసూది తలంత ఉన్నప్పుడే వెళ్తే కాస్త సిల్వర్ నైట్రేట్ అద్దడంతోనో, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడంతోనో పని అయిపోతుంది. అరుదుగా కొందరికి, ముఖ్యంగా వీపు, భుజం మీద తీయించుకున్న కుర్రవాళ్లకు, పాత చోటు చుట్టూ ఇలాంటి చిన్న చిన్న బుడిపెలు గుంపుగా వస్తాయి. పాకుతోందని హడలిపోతారు. అవి కూడా మామూలువే, కానీ వాటిలో ఒకదాన్ని పరీక్షకు పంపడం మంచిది.

కత్తి లేకుండా పోయే దారి లేదా అని మీరు అడగలేదు గానీ, మిగతా పాఠకులు అడుగుతారు. చిన్నపిల్లల ముఖం మీద చిన్నవి వస్తే టిమోలోల్ అనే కంటి చుక్కల మందును కొన్ని వారాలు అద్దించి చూస్తాం. కొందరికి బాగానే పని చేస్తుంది, నెమ్మదిగా. మన దేశంలోనే చర్మ వైద్యులు మామూలు వంట ఉప్పును బుడిపె మీద పెట్టి ప్లాస్టర్‌తో మూసి, నీటిని లాగేసి ఎండబెట్టే పద్ధతిని కూడా వాడి చూసి రాశారు. నాకు ఆ పద్ధతి మీద చిన్నచూపు లేదు. కానీ ఇవన్నీ బుడిపె ఏమిటో తేలిన తర్వాతి మాటలు. నెత్తురు ఊరే పచ్చి పుండు మీద పెట్టిన టిమోలోల్ ఒంట్లోకి ఇంకుతుంది, కాబట్టి గర్భిణులు సొంతంగా అద్దుకోకూడదు. ఇంకో మాట: మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడేవారికి, కొన్ని క్యాన్సర్ మందులు వాడేవారికి గోళ్ల చుట్టూ ఒకేసారి రెండు మూడు ఇలాంటివి రావచ్చు. అలాంటప్పుడు ఒక్కొక్కటీ గీకించుకుంటూ పోవడం దండగ. మందు రాసిన డాక్టరుతో మాట్లాడాలి.

ఇప్పుడు మీ చిగురు. అక్కడున్నది కూడా ఇదే జాతి బుడిపె అయి ఉంటుంది. వంద మంది గర్భిణుల్లో ఐదుగురి దాకా వస్తుంది, ఎక్కువగా నాలుగో నెల దాటాక. దీన్ని కొందరు డెంటిస్టులు ప్రెగ్నెన్సీ ట్యూమర్ అంటారు. ఆ మాట విని మీవారు ఇంకా హడలిపోతారేమో, అది వాడుక మాట మాత్రమే. దీని విషయంలో నా సలహా వేలికి ఇచ్చిన దానికి పూర్తిగా వేరు: తీయించుకోవడానికి తొందరపడకండి. చిగురు దగ్గర హార్మోన్లతో పాటు పంటి గార కూడా రోజంతా చిగురును రాపిడి చేస్తుంటుంది. ఇప్పుడు కోయిస్తే కాన్పులోపు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పు తర్వాత హార్మోన్లు పడిపోగానే ఆ నాళాలు వాటంతట అవే ముడుచుకుపోతాయి, చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ముద్ద చిన్నదై మాయమవుతుంది. ప్రస్తుతానికి డెంటిస్టు దగ్గర గార తీయించుకోండి, ఆరో నెలలో అది నిశ్చింతగా చేయించుకోవచ్చు. మెత్తని బ్రష్ వాడండి. రక్తం వస్తోందని ఆ చోట తోముకోవడం మానేస్తే గార ఇంకా పేరుకుని రక్తం పెరుగుతుంది. వేపపుల్ల ఈ నెలలు పక్కన పెట్టండి. అన్నం నమలడానికి అడ్డం వచ్చేంత పెరిగినా, రాత్రి నిద్రలో దిండు మీద నెత్తురు మరకలు పడుతున్నా అప్పుడు డెంటిస్టుతో తీయించడం గురించి మాట్లాడండి. కాన్పయిన మూడు నెలలకు కూడా అలాగే ఉంటే తీయించి, ఆ ముక్కను కూడా ల్యాబుకు పంపించండి.

వేలి రిపోర్టు వచ్చాక దాన్ని మీ కాన్పు ఫైల్లోనే పెట్టుకోండి. కాన్పయ్యాక ఆరు వారాల చెకప్‌కు వెళ్లినప్పుడు వేలూ చిగురూ రెండూ చూపించండి.